కంతు తేదీ, కట్టిన తేదీ



జూన్ నెలలో విడపనకల్లు మండలంలో ఏ ఇంట్లోనైనా డబ్బు లోపలికి రాదు, బయటికే పోతుంది. తొలకరి పడితే విత్తనాలు, ఎరువులు, సేద్యం ఖర్చు. పడకపోతే ఆకాశం వైపు చూస్తూ గడిపే రోజులకు ఇంటి ఖర్చు. పిల్లల బడి ఫీజులూ అప్పుడే. చెనక్కాయలు బయటపడి అమ్ముడయ్యేది నవంబరు, డిసెంబరులో. నల్లరేగడి చేలల్లో చలికాలానికి వేసిన పప్పుశనగ కోతకొచ్చేది ఫిబ్రవరిలో. ఉరవకొండకూ బళ్ళారికీ నడుమ ఉన్న ఈ పల్లెల్లో డబ్బుకు ఒక కాలముంది. జీవిత బీమా కంతుకూ ఒక తేదీ ఉంది. ఆ రెండూ కలవని చోటే పాలసీలు ల్యాప్స్ అవుతాయి.

ల్యాప్స్ అన్న మాట ఊళ్లో అందరికీ తెలుసు. అది ఏ రోజున మొదలైందో, ఏ రోజుకు ముగిసిందో, ఆ మధ్యలో ఇంటికి రక్షణ ఉందో లేదో మాత్రం బీరువాలో ఉన్న బాండు చెప్పదు. బాండు పాలసీ పుట్టిన రోజు అచ్చయిన కాగితం, ఆ తర్వాత జరిగినదేదీ దాని మీదికి ఎక్కదు. జరిగింది తెలియాలంటే కంతుల చరిత్ర కావాలి. బీమా సంస్థ శాఖలో పాలసీ నంబరు చెప్పి అడిగితే ముద్రించి ఇస్తారు, సంస్థ పోర్టల్లో నమోదు చేసుకున్నవాళ్లు ఫోన్లోనే చూసుకోవచ్చు. ప్రతి వరుసలో ప్రధానంగా రెండు తేదీలుంటాయి: కంతు పడిన తేదీ, కంతు కట్టిన తేదీ. ఈ ప్రసంగమంతా ఆ రెండు తేదీల మధ్య ఉన్న ఖాళీ గురించే.

ఒక పాలసీని ఉదాహరణగా తీసుకుందాం. మనిషి కల్పితమే గానీ లెక్క మాత్రం నిజమైన పాలసీలు నడిచే పద్ధతిలోనే ఉంటుంది. పాల్తూరు రైతు ఒకాయన 2021 జూన్ 10న ఇరవై ఏళ్ల పాలసీ తీసుకున్నాడు. బీమా మొత్తం రెండు లక్షల రూపాయలు. కంతు ఆరు నెలలకోసారి, 6,000 రూపాయలు. అంటే ఏటా జూన్ 10న ఒకటి, డిసెంబరు 10న ఒకటి. ఇరవై ఏళ్లలో మొత్తం నలభై కంతులు.

ఆయన చరిత్రలో మొదటి వరుస పాలసీ మొదలైన రోజుదే. రెండోది 2021 డిసెంబరు 10 నాటి కంతు, డిసెంబరు 6నే కట్టేశాడు. చెనక్కాయలు అమ్మిన డబ్బు చేతిలో ఉంది కాబట్టి నాలుగు రోజులు ముందే పని ముగించాడు. మూడోది 2022 జూన్ 10 నాటిది. కట్టింది జూలై 8న. ఇరవై ఎనిమిది రోజులు ఆలస్యమైనా అదనంగా ఒక్క రూపాయి వడ్డీ పడలేదు, పాలసీకీ ఏమీ కాలేదు.

ఎందుకంటే అది గ్రేస్ కాలం. ఏడాదికోసారో, ఆరు నెలలకోసారో, మూడు నెలలకోసారో కట్టే పాలసీలకు ఎల్ఐసీ ఇచ్చే గ్రేస్ ఒక నెల, అదీ ముప్పై రోజులకు తగ్గకుండా. నెలనెలా కట్టే పాలసీకి పదిహేను రోజులే. ఈ రోజుల్లో కట్టినా పాలసీ ఒక్క పూట కూడా ఆగినట్టు కాదు. ఆ వ్యవధిలో, కంతు ఇంకా కట్టకముందే మనిషి చనిపోతే, క్లెయిము చెల్లుతుంది. కట్టాల్సిన కంతును మినహాయించుకొని మిగతాది కుటుంబానికిస్తారు. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలియక, కంతు కట్టలేదు కదా, ఏమీ రాదులే అని బాండును పెట్టె అడుగున పడేసినవాళ్లున్నారు. పోయిన తేదీ గ్రేస్ లోపలే ఉందేమో చూసుకోకుండా ఏ బాండునూ పక్కన పెట్టకూడదు.

నెలకంతు గురించి ఇక్కడే ఒక మాట. నెలకు కొంచెం కొంచెం కడితే తేలిక అనిపిస్తుంది. జీతగాళ్లకు అది నిజం. పంట మీద బతికే మనిషికి మాత్రం ఏడాదికి పన్నెండు గడువులు, ప్రతి గడువుకూ పదిహేను రోజుల ఓపిక. పన్నెండు నెలల్లో డబ్బు ఆడేది రెండు మూడు నెలల్లోనే అయినప్పుడు, మిగతా తొమ్మిది నెలలూ గండాలే. ఎల్ఐసీ చాలా పాలసీల్లో ఏడాదికంతుకు కొద్దిపాటి తగ్గింపు కూడా ఇస్తుంది. ఏడాది పూర్తయిన సందర్భంలో శాఖకు రాసిస్తే కంతు పద్ధతి మార్చుకునే వీలుంది.

పాల్తూరు రైతు చరిత్రకు తిరిగి వద్దాం. 2022 డిసెంబరు కంతు 12వ తేదీన కట్టాడు, బాగానే ఉంది. 2023 జూన్ 10 నాటి కంతు మాత్రం సెప్టెంబరు 20న కట్టాడు. కాగితం మీద ఇదీ మామూలు వరుసలాగే కనిపిస్తుంది. కంతు పడింది, కంతు కట్టాడు, కాస్త వడ్డీ పడింది, అంతే. తొందరగా చూసే కన్ను దీన్ని దాటిపోతుంది. కానీ జూలై 10తో గ్రేస్ ముగిసింది. ఆ మరునాటి నుంచి సెప్టెంబరు 20 వరకు, రెండు నెలల పది రోజుల పాటు, ఆ ఇంటి మీద ఉన్న రక్షణ ఆగిపోయింది. ఆ రోజుల్లో ఏమీ జరగలేదు కాబట్టి ఆ ఖాళీ ఎవరికీ తెలియలేదు. ఏదైనా జరిగి ఉంటే, ఆ వరుస ఒక్కటే మొత్తం కథను మార్చేసేది.

అలా మారిన కథ ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒకాయన 2011 ఏప్రిల్ 14న ఎల్ఐసీ పాలసీ తీసుకున్నాడు. బీమా మొత్తం 3,75,000 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే మరో 3,75,000. కంతు ఆరు నెలలకోసారి. 2011 అక్టోబరు 14 నాటి కంతు కట్టలేదు. గ్రేస్ గడిచింది. 2012 మార్చి 6న ఆయన ప్రమాదానికి గురయ్యాడు. మార్చి 9న, అంటే మూడు రోజుల తర్వాత, ఆగిన కంతు కట్టారు. మార్చి 21న ఆయన కన్నుమూశాడు.

చనిపోయిన రోజున చూస్తే కంతు కట్టినట్టే ఉంది. ఎల్ఐసీ అసలు బీమా మొత్తం ఇచ్చింది. ప్రమాద బీమా మొత్తాన్ని మాత్రం ఇవ్వనంది. ఆ కుటుంబం వినియోగదారుల ఫోరంల మెట్లెక్కింది, చివరకు వివాదం ఢిల్లీకి చేరింది. 2021 అక్టోబరు 29న న్యాయమూర్తులు సంజీవ్ ఖన్నా, బేలా త్రివేది తీర్పు చెప్పారు. ప్రమాద బీమా షరతు ప్రకారం చూడాల్సింది చనిపోయిన తేదీని కాదు, ప్రమాదం జరిగిన తేదీని. ఆ రోజున పాలసీ ల్యాప్స్‌లో ఉంది. తర్వాత కట్టిన కంతు వెనక్కి నడిచి వెళ్లి మార్చి 6ను కాపాడలేదు. పైగా ప్రమాదం జరిగిన సంగతి చెప్పకుండా కంతు కట్టిన తీరును కూడా కోర్టు తప్పుపట్టింది.

తీర్పు కఠినంగా అనిపించడం సహజం. ఆసుపత్రిలో మనిషిని పెట్టుకొని కంతు కట్టడానికి పరుగెత్తిన వాళ్ల మీద జాలి కలగకుండా ఉండదు. అయినా బీమా అనేది ఇంకా జరగని దానికి చేసుకునే ఒప్పందం, జరిగిపోయిన దానికి చేసుకునేది కాదు. కంతు చరిత్రలోని రెండు తేదీల మధ్య ఖాళీ ఎంత బరువైనదో ఈ కేసు కంటే స్పష్టంగా చెప్పేది మరొకటి లేదు.

ఇక కట్టిన తేదీ గురించి. కట్టిన తేదీ అంటే రైతు చేతిలోంచి డబ్బు బయటికి పోయిన రోజు కాదు, సంస్థ ఖాతాలో జమైన రోజు. పల్లెల్లో ఈ తేడా దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఏజెంటు సొంతూరివాడే అయి ఉంటాడు, వరసకు బావో, అన్నో అవుతాడు. సంతలో ఎదురైనప్పుడు చేతిలో పెట్టేస్తే, ఆయన పట్నం పోయినప్పుడు కడతాడు. నమ్మకం తప్పని కాదు. కానీ చట్టం ఆ డబ్బును ఎవరి చేతిలో ఉన్నట్టు చూస్తుందో తెలియాలి.

1986 మార్చిలో ఒకాయన 25,000 రూపాయల చొప్పున నాలుగు ఎల్ఐసీ పాలసీలు తీసుకున్నాడు. ఆరు నెలల కంతులు. 1987 మార్చి 6 నాటి కంతు గ్రేస్‌లోపల కట్టలేదు. జూన్ 4న ఏజెంటు వచ్చి 2,730 రూపాయల చెక్కు తీసుకెళ్లాడు. మరునాడే చెక్కు డబ్బయింది. ఆ డబ్బు ఎల్ఐసీలో జమైంది మాత్రం ఆగస్టు 10న. పాలసీదారు ఆగస్టు 9న ప్రమాదంలో చనిపోయాడు. ఒక్క రోజు తేడా.

ఈ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 1997 ఏప్రిల్‌లో వచ్చింది. ఎల్ఐసీ ఏజెంట్ల నిబంధనల ప్రకారం కంతు వసూలు చేసే అధికారం మామూలు ఏజెంటుకు లేదు, అందువల్ల ఆయనకిచ్చిన డబ్బు సంస్థకు ఇచ్చినట్టు కాదు అని కోర్టు తేల్చింది. రెండు నెలలకు పైగా ఆ డబ్బు ఏజెంటు దగ్గరున్నా, పాలసీ చరిత్రలో ఆ రెండు నెలలూ కట్టని నెలలే.

దీనికి పక్కనే ఇంకో తీర్పును పెట్టి చూడాలి. ఢిల్లీ విద్యుత్ సంస్థ ఉద్యోగి ఒకాయన జీతంలోంచి ప్రతి నెలా ఎల్ఐసీ కంతు కోసుకునే పథకంలో ఉన్నాడు. యాజమాన్యం కంతుల డబ్బు ఎల్ఐసీకి పంపలేదు. ఆయన చనిపోయాడు. పాలసీ ల్యాప్స్ అన్నారు. 1999లో సుప్రీంకోర్టు ఈసారి కుటుంబం పక్షాన నిలిచింది. జీతం పథకంలో వసూలు పనిని ఎల్ఐసీయే యాజమాన్యానికి అప్పగించింది కాబట్టి, ఆ పని వరకు యాజమాన్యం ఎల్ఐసీ ఏజెంటే అంది. డబ్బు మధ్యవర్తి దగ్గర ఆగిపోవడం రెండు కేసుల్లోనూ ఒకటే. మధ్యవర్తికి తీసుకునే అధికారం ఎవరిచ్చారన్న దగ్గరే రెండూ విడిపోయాయి. ఇప్పుడు ఎల్ఐసీ కొందరు ఏజెంట్లకు వసూలు అధికారం ఇస్తోంది. వాళ్లు డబ్బు తీసుకున్న వెంటనే సంస్థ పేరుతో, పాలసీ నంబరుతో ముద్రించిన రసీదు ఇస్తారు. చేతిరాత చీటీ రాసిచ్చేవాళ్లకూ, ఆ రసీదు ఇచ్చేవాళ్లకూ మధ్య తేడా కోర్టులో చాలా పెద్దది.

పాల్తూరు పాలసీలో ఆఖరి రెండు వరుసలు మిగిలాయి. 2023 డిసెంబరు కంతు 15న కట్టాడు. అప్పటికి ఆరు కంతులు, అంటే మూడేళ్ల డబ్బు పూర్తయింది. తర్వాత 2024 జూన్ 10 నాటి కంతు దగ్గర చరిత్ర ఆగిపోయింది. కట్టిన తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. శాఖలో ఇచ్చే కాగితం మీద ఈ ఖాళీకి ఒక పేరుంటుంది. ఎఫ్‌యూపీ అని మూడక్షరాలు రాసి, పక్కన 06/2024 అని వేస్తారు. మొట్టమొదట కట్టకుండా మిగిలిన కంతు నెల అని దాని అర్థం. ఆ కాగితంలో ముందుగా చూడాల్సింది ఆ ఒక్క నెలనే. గ్రేస్, ల్యాప్స్, పునరుద్ధరణ గడువు, అన్నీ అక్కడి నుంచే లెక్కపెడతారు.

ఇక్కడ మూడేళ్లు నిండడం వల్ల పాల్తూరు పాలసీ పూర్తిగా చచ్చిపోలేదు. పెయిడప్ అయింది. ఈ మాటను పల్లెల్లో కొందరు 'కట్టడం అయిపోయింది, ఇక పూర్తి మొత్తం వస్తుంది' అన్నట్టు అర్థం చేసుకుంటారు. అది నిజం కాదు. నలభై కంతుల్లో ఆరే కట్టాడు కాబట్టి, రెండు లక్షల్లో నలభైకి ఆరు వంతులే మిగులుతాయి. అంటే 30,000 రూపాయలు. దానికి అప్పటిదాకా జమైన బోనసు కలుస్తుంది, కొత్త బోనసు సాధారణంగా రాదు. రెండు లక్షల గొడుగు ముప్పై వేలకు కుంచించుకుపోయింది. పాత పాలసీల్లో పెయిడప్ హక్కుకు మూడేళ్ల కంతులు కావాలి, కొత్త పాలసీల్లో అంతకన్నా ముందే వస్తుంది. ఆ హక్కు వచ్చే లోపలే కంతులు ఆగితే, చావు మీద వచ్చేదేమీ ఉండదు.

ఒక సడలింపు గురించి చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. ఎల్ఐసీ పాత పాలసీలు చాలా వాటిలో, మూడేళ్ల కంతులు పూర్తిగా కట్టి ఉంటే, మొదట ఆగిన కంతు తేదీ నుంచి ఆరు నెలల లోపల మరణం సంభవించినా పూర్తి బీమా మొత్తం ఇచ్చే వెసులుబాటుంది, కట్టని కంతులు తీసేసుకొని. అయిదేళ్లు కట్టినవాళ్లకు ఆ కాలం ఇంకా ఎక్కువ. కొన్ని కొత్త పాలసీల బాండ్లలో ఇదే సదుపాయాన్ని ఆటో కవర్ అన్న పేరుతో రాశారు. అన్ని పాలసీల్లోనూ లేదు, కాబట్టి బాండు వెనక పేజీల్లోని షరతులు చదివించుకోవాలి. పాల్తూరు రైతుకు ఆ షరతు ఉన్నట్టయితే, 2024 జూలైలో గ్రేస్ ముగిసినా డిసెంబరు 10 దాకా ఇంటికి ఆసరా ఉన్నట్టే. క్లెయిము రాదని బంధువులెవరో అన్నంత మాత్రాన ఊరుకోకుండా ఈ తేదీ లెక్కవేసుకోవాలి.

పాలసీ ఆగిపోయాక సంస్థ బాధ్యత పూర్తిగా తీరిపోదు. బీమా చట్టం యాభయ్యో సెక్షన్ ప్రకారం, దారులేమిటో పాలసీలోనే రాసి లేకపోతే, కంతు ఆగిన మూడు నెలల లోపల పాలసీదారుకు నోటీసు ఇవ్వాలి. ఈ మండలం నుంచి బళ్ళారికో బెంగళూరుకో కూలికి, వ్యాపారానికి పోయినవాళ్లకు ఆ ఉత్తరం పాత విలాసానికి పోయి తలుపు గొళ్లానికి వేలాడుతుంటుంది. కొత్త విలాసం, నడుస్తున్న ఫోన్ నంబరు శాఖలో రాయించడానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు పునరుద్ధరణ. ఊళ్లో వాడే మాట రివైవల్. 2025 డిసెంబరు 10న పాల్తూరు రైతు చెనక్కాయల డబ్బుతో శాఖకు వెళ్లాడనుకుందాం. ఆగినవి నాలుగు కంతులు: 2024 జూన్, డిసెంబరు, 2025 జూన్, డిసెంబరు. అసలు 24,000 రూపాయలు. దీనికి ఆరు నెలలకోసారి చక్రవడ్డీ. వడ్డీ రేటు సంస్థ ప్రకటించినట్టు మారుతుంటుంది. లెక్క కోసం ఏడాదికి తొమ్మిదిన్నర శాతం అనుకుంటే, మొదటి కంతు మీద మూడు అర్ధసంవత్సరాల వడ్డీ, రెండో దాని మీద రెండు, మూడో దాని మీద ఒకటి, ఆ రోజే పడిన నాలుగో దాని మీద ఏమీ ఉండదు. మొత్తం వడ్డీ సుమారు 1,765 రూపాయలు. అంటే 25,765 రూపాయల దాకా కడితే, ముప్పై వేలకు పడిపోయిన పాలసీ మళ్లీ రెండు లక్షలవుతుంది. వడ్డీ అనగానే భయపడి వెనక్కి తిరిగిపోయేవాళ్లు ముందు ఈ లెక్క రాయించుకుంటే మంచిది. బరువు అసలు కంతుల్లోనే ఉంది, వడ్డీలో కాదు. ఒక్కసారి ఇంత కట్టలేనివాళ్లకు బాకీని వాయిదాలుగా కట్టే పద్ధతి, పాలసీ మీదే అప్పు తీసుకొని దాంతో పునరుద్ధరించే పద్ధతి కూడా ఎల్ఐసీలో ఉన్నాయి, పాలసీ అర్హతను బట్టి.

గడువు కూడా ఉంది. 2019 నాటి నిబంధనల కింద వచ్చిన మామూలు పాలసీలకు మొదట ఆగిన కంతు నుంచి అయిదేళ్లు. పాల్తూరు పాలసీకి 2029 జూన్ వరకు. మార్కెట్‌తో ముడిపడిన యూలిప్ పాలసీలకు మూడేళ్లే. 2014 తర్వాత, 2019 నిబంధనలకు ముందు అమ్మిన పాలసీల షరతుల్లో రెండేళ్ల గడువే కనిపిస్తుంది. కాబట్టి పొరుగింటివాళ్ల గడువు తన గడువని ఎవరూ అనుకోకూడదు.

డబ్బుతో పని అయిపోదు. ఆగిన కాలాన్ని బట్టి ఆరోగ్య ప్రకటన ఫారం నింపాలి, వయసును, మొత్తాన్ని బట్టి వైద్య పరీక్షలు అడగవచ్చు. ఈ ఫారం దగ్గరే తర్వాతి వివాదాలకు విత్తనం పడుతుంది. పాలసీ ఆగిన ఏడాదిన్నరలో షుగరు బయటపడిందనుకుందాం. కౌంటరు దగ్గర ఎవరో తొందరపెట్టి, అన్నిటికీ లేదు అని గీత గీయించి వేలిముద్ర వేయించుకుంటారు. 1938 నాటి బీమా చట్టంలో నలభై అయిదో సెక్షన్ ఉంది. 2015లో సవరించిన తర్వాత దాని ప్రకారం మూడేళ్లు గడిచిన పాలసీని సంస్థ ఏ కారణంతోనూ ప్రశ్నించలేదు. కానీ ఆ మూడేళ్లను పాలసీ ఇచ్చిన తేదీ నుంచో, రక్షణ మొదలైన తేదీ నుంచో, పునరుద్ధరించిన తేదీ నుంచో, ఏది చివరిదైతే దాన్నుంచి లెక్కిస్తారు. 2021లో మొదలైన పాలసీ మధ్యలో ఎక్కడా ఆగకుండా ఉంటే 2024 జూన్‌కే ఆ భద్రతకు చేరాల్సింది. 2025 డిసెంబరులో పునరుద్ధరిస్తే ఆ గడియారం మళ్లీ మొదటికొచ్చి 2028 డిసెంబరు దాకా నడుస్తుంది. షుగరుందని నిజం రాస్తే కంతు కొంచెం పెరగవచ్చు, లేదా సంస్థ ఒప్పుకోకపోవచ్చు. దాస్తే క్లెయిము రోజున ఇంటివాళ్లు జవాబు చెప్పాల్సి వస్తుంది, రాసిన మనిషి అప్పటికి ఉండడు.

ఇంకో చిన్న మెలిక. డబ్బు కట్టిన రసీదు చేతికి వచ్చిన రోజే పాలసీ బతికినట్టు కాదు. సంస్థ పరిశీలించి పునరుద్ధరణకు ఒప్పుకొని తెలియజేసే దాకా ఆ డబ్బు డిపాజిట్టుగా పక్కన ఉంటుంది. ఒక కాగితం తక్కువై ఫైలు ఆగిపోతే, రైతు మనసులో పాలసీ నడుస్తున్నట్టే ఉంటుంది, చరిత్రలో మాత్రం ఎఫ్‌యూపీ అదే పాత నెల దగ్గర కదలకుండా ఉంటుంది. కట్టిన పది పదిహేను రోజులకు మళ్లీ ఒకసారి చరిత్ర తీయించి చూస్తే తెలిసిపోతుంది. ఎఫ్‌యూపీ ముందుకు జరిగితే పని అయినట్టు, జరగకపోతే ఎక్కడో ఆగినట్టు.

ఈ మండలంలో చాలామందికి ఇంకో పాలసీ కూడా ఉంది, బాండే లేని పాలసీ. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. 2015 మే 9న మొదలైంది. కంతు ఇప్పుడు ఏడాదికి 436 రూపాయలు, బీమా రెండు లక్షలు. జూన్ 1 నుంచి మే 31 దాకా రక్షణ. దీని చరిత్ర బ్యాంకు పాసుపుస్తకంలోనే ఉంటుంది, మే నెల చివరి రోజుల్లో పడే ఒక్క వరుసగా. ఆ రోజుల్లో ఖాతాలో 436 రూపాయలు లేకపోతే కోత పడదు, మే 31తో రక్షణ ఆగిపోతుంది. పాత పంట డబ్బు ఖర్చయిపోయి, కొత్త పంటకు ఖర్చులు మొదలయ్యే మే చివర్లోనే ఇది పడుతుండడం ఇక్కడి రైతుకు పెద్ద ఇబ్బంది. తర్వాత మళ్లీ చేరవచ్చు, కానీ తిరిగి చేరిన మొదటి ముప్పై రోజుల్లో ప్రమాదం వల్ల తప్ప వేరే కారణంతో చనిపోతే డబ్బు రాదు. కాబట్టి జూన్ మొదటి వారంలో పాసుపుస్తకం ఎంట్రీ వేయించి, ఆ 436 వరుస ఉందో లేదో చూడడం, పెద్ద పాలసీ చరిత్ర చూడడం ఒకే పని.

చివరగా, పంట కాలానికీ కంతు తేదీకీ మధ్య ఉన్న ఎడబాటుకు ఒక దారి ఉంది, ఇది శాఖల్లో ఎవరూ పిలిచి చెప్పరు. కంతును ముందుగానే కట్టవచ్చు. అదే ఆర్థిక సంవత్సరంలో పడే కంతయితే ముందే తీసుకుంటారు. వచ్చే ఆర్థిక సంవత్సరంలో పడేదైతే, తేదీకి మూడు నెలల ముందు నుంచి తీసుకుంటారు. జూన్ 10 నాటి కంతుకు మూడు నెలల ముందంటే మార్చి 10. డోనేకల్లు నల్లరేగడిలో పప్పుశనగ కోసి, నూర్చి, అమ్మి డబ్బు ఇంటికి చేరే రోజులవి. మార్చి 10 తర్వాత గుంతకల్లుకో, ఉరవకొండకో పని మీద పోయిన రోజున జూన్ కంతు కట్టేసి వస్తే, ఏప్రిల్ రాకముందే చరిత్రలో జూన్ వరుస నిండిపోతుంది. విత్తనాల రోజుల్లో ఆ ఆరు వేల గురించి వెతుక్కునే పని ఉండదు. రసీదు మీద తర్వాతి కంతు అని రాసిన చోట డిసెంబరు పడుతుంది, అప్పటికి చెనక్కాయలు కళ్లంలో ఉంటాయి.